పేరు కప్పితే గుండె తెలిసినట్టేనా?

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనయి. ఇంటర్‌లో నాతో చదివిన ముగ్గురు స్నేహితులు ఒక్కో చోట ఒక్కరుగా చేరిండ్రు. నేను బి.ఎస్సీ. జువాలజీలో ఉన్నాను. మా నలుగురి ఫోన్ల మధ్య ఎక్కువగా తిరిగేవి కార్డులే. లెక్చరర్ చూపిన బొమ్మను Ankiలో పెట్టి, భాగాల పేర్ల మీద రంగు డబ్బాలు కప్పుతాము. కింద ఏముందో చెప్పి, ఆ తర్వాత తెరిచి చూసుకోవాలి. పద్ధతి మంచిదే గానీ, ఒళ్లు వంచకుండా చేస్తే ఆత్మవంచనే అవుతుందని నా అభిప్రాయం.

గుండె నిలువుకోత బొమ్మకు ఎనిమిది కార్డులు చేసిన. వారం తిరిగేసరికి ఒక్కటీ తప్పుత లేను. ప్రాక్టికల్స్ నాడు సారు మేక గుండెను వెనుకవైపు తిప్పి పళ్లెంలో పెట్టి, "ఎడమ జఠరిక చూపు" అన్నారు. బొమ్మలో అది మన కుడిచేతి వైపు ఉంటుంది. అలవాటు కొద్దీ కుడివైపే వేలు పెట్టిన. వెనుక నుంచి చూస్తే గుండె ఎడమ భాగం మన ఎడమకే వస్తుందని తట్టలేదు. "నొక్కి చూడవయ్యా" అన్నారు. నేను చూపినది మెత్తగా ఉంది. రెండోది మందంగా, గట్టిగా ఉంది. ఒళ్లంతటికీ రక్తం నెట్టే ఎడమ జఠరిక అదే.

ఇంటికి పోయి చెప్తే మా బాపు నవ్విండు. "ఏ ఒడ్డు మీదికెళ్లి వచ్చినా మన మడి మనకు ఎరుక గావాలె గద బిడ్డా!"

అప్పుడు నా కార్డులను నేనే పరీక్షించుకున్న. ఒక్క పేరు మాత్రమే కప్పిన కార్డులో మిగిలిన ఏడు పేర్లే జవాబు చెప్పేస్తున్నయి. అందుకని అన్నీ కప్పి ఒక్కటే అడిగే "Hide All, Guess One" పెట్టిన. పొడుగు డబ్బా కింద పొడుగు పేరే ఉంటుంది గనుక, డబ్బాలన్నీ ఒకే కొలతకు తెచ్చిన. గీత, దాని కొస మాత్రం కప్పలేదు. ఆ కొస ఏ భాగాన్ని తాకుతుందో చూడటమే అసలు ప్రశ్న. చివరికి వెనుకవైపు బొమ్మ కూడా చేర్చి, "ఇది ఎడమదని ఎట్ల చెప్తవు?" అనే విడి కార్డు రాసుకున్న. గోడ మందం, గుండె కొస ఎడమ జఠరికదే కావడం దాని జవాబు.

ఇంత చేసినా గట్టిదనం డబ్బా కింద దొరకదు. దానికి వేలే కావాలి.

ఒకరు చేసిన కార్డులు మూడు ఊర్లు తిరగడం నాకు నచ్చదు. గీత ఎక్కడ ఆగిందో వెతికి డబ్బా గీసినవాడికి సగం పాఠం అప్పుడే వస్తుంది, అరువు తెచ్చుకున్నవాడికి ఆ సగం రాదు. లెక్చరర్లకు నా మనవి ఒక్కటే: ముందు బొమ్మతోపాటు వెనుక బొమ్మ కూడా వేయండి. నా స్నేహితులు రేపు మా ఊరోళ్ల ఛాతీ మీద చెయ్యి పెట్టబోతున్నారు. అక్కడ పేర్లు రాసి ఉండవు.