కమోడ్ సరే, కాళ్ల కింద స్టూలేదీ?

మట్టెవాడ లాంటి పాత బస్తీల్లో ఇంటికి మరమ్మతులు చేయిస్తే ముందు మారేది టాయిలెట్టే. అమ్మకు మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేదు కాబట్టి కమోడ్ పెట్టిస్తారు. మంచి పనే. కానీ కొన్నాళ్లకు అదే అమ్మను మలబద్ధకమంటూ మా ఓపీకి తీసుకొస్తారు.

అలా వచ్చిన ఒక 68 ఏళ్ల పెద్దావిడకు రోజూ విరేచనం అవుతోంది, మలం గట్టిగానూ లేదు. అయినా పావుగంట ముక్కాలి. లేచాక ఇంకా లోపల మిగిలిపోయినట్టే ఉంటుంది. ఇంట్లోవాళ్లు ఇసబ్‌గోల్ పెంచుతూ పోయారు, కడుపుబ్బరం తప్ప ఫలితం లేదు. ఆమె పొట్టి మనిషి. కమోడ్ సీటేమో నేలకు 17 అంగుళాల ఎత్తు. కూర్చుంటే మునివేళ్లే ఆనుతున్నాయి.

మలాశయం చివర ప్యూబోరెక్టాలిస్ అనే కండరం ఉంటుంది. అది పేగును వెనక నుంచి చుట్టి ముందుకు లాగి పట్టుకుంటుంది. నీళ్ల పైపును మడిచినట్టు అక్కడొక వంపు ఏర్పడుతుంది. మనం ఆపుకోగలిగేది దాని వల్లనే. గొంతుక్కూర్చున్నప్పుడు ఆ వంపు బాగా తెరుచుకుంటుంది, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటే అంతగా తెరుచుకోదు. దాంతో ముక్కాల్సి వస్తుంది.

అలాగని కమోడ్ పీకించి, అరిగిన మోకాళ్లను మళ్లీ వంచమనడం నాకు నచ్చదు. ఏడు నుంచి తొమ్మిది అంగుళాల ఎత్తున్న గట్టి స్టూలు చాలు. వంటింటి పీట సరిపోదు, అది మరీ తక్కువ ఎత్తు. పాదాలు రెండూ స్టూలుపై పూర్తిగా ఆనాలి, మోకాళ్లు తుంటి కంటే కాస్త పైకి రావాలి. ముందుకు వంగి మోచేతులు తొడల మీద పెట్టుకోవాలి. ఊపిరి బిగబట్టకూడదు. ఐదు నిమిషాల్లో కాకపోతే లేచి రావడమే మేలు. ఆ పెద్దావిడకు ఎనిమిది అంగుళాల స్టూలు వేయించాం. రెండు వారాలకు ముక్కడం బాగా తగ్గింది, ఇసబ్‌గోల్ ఒక చెంచాకు వచ్చింది.

అమెరికాలోని ఒహాయోలో 52 మందితో నాలుగు వారాలు జరిపిన అధ్యయనం 2019లో వెలువడింది. స్టూలుతో ముక్కడం తగ్గిందని అందులో ఎక్కువ మంది చెప్పారు. అయితే జపాన్‌లో ఆరుగురిపై చేసిన చిన్న పరీక్షలో, కూర్చునే తుంటి వంచితే ఆ వంపు పెద్దగా మారలేదు. కాబట్టి గొంతుక్కూర్చున్నంత ఫలితం వస్తుందని నేను చెప్పను. మలం రాయిలా గట్టిపడితే స్టూలు ఏం చేయలేదు. అప్పుడు నీళ్లు, పీచు పదార్థాలు, వాడుతున్న ఐరన్, కాల్షియం మాత్రల సంగతి చూడాలి.

తుంటి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లు సర్జన్‌ను అడగకుండా స్టూలు వాడొద్దు. పెద్దవాళ్లు లేచే ముందు పాదాలు నేల మీదికి దించి, ఒక నిమిషం ఆగాలి. స్టూలు కింద రబ్బరు లేకపోతే తడి టైల్స్ మీద జారుతుంది. గోడకు పట్టుకునే రాడ్ ఒకటి వేయించండి.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, యాభై దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం... వీటిలో ఏది ఉన్నా స్టూలు కొనేముందు డాక్టర్‌కు చూపించండి.