మెరోపెనెమ్ ఎదురుగా ఉన్న ‘ఎస్’ గురించి

భారత వైద్య పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్ గారికి,

నేను ఒక జిల్లా కేంద్రంలో మైక్రోబయాలజిస్టుగా పనిచేస్తున్నాను. 2013 నుంచి మీరు నడుపుతున్న నిఘా నెట్‌వర్కు వార్షిక నివేదికలు వచ్చినప్పుడల్లా చదువుతాను. ఏ బ్యాక్టీరియా ఏ మందుకు లొంగడం మానేసిందో అవి వివరంగా చెబుతాయి. నేను రాస్తున్నది మాత్రం చాలా చిన్న కాగితం గురించి. ల్యాబు నుంచి డాక్టరు చేతికి వెళ్లే కల్చర్ అండ్ సెన్సిటివిటీ రిపోర్టు గురించి. ఆ కాగితం మీద మేం ఏ మందుల పేర్లు వేస్తే, మందుల చీటీ మీద వాటిలో ఒకటి పడుతుంది. కాబట్టి ఏ పేర్లు వేయాలన్నది కూడా వైద్యంలో భాగమే.

మా దగ్గర తరచూ కనిపించే రిపోర్టు ఒకటి తీసుకుందాం. యాభై దాటిన ఆవిడ. మూత్రంలో మంట, మాటిమాటికీ బాత్రూముకు వెళ్లాల్సి రావడం. జ్వరం లేదు, నడుము పక్కన నొప్పి లేదు, కిడ్నీలు బాగానే పనిచేస్తున్నాయి. కల్చర్లో ఒకే రకం బ్యాక్టీరియా, ఈ.కోలై, మిల్లీలీటరుకు లక్షకు పైగా పెరిగింది. కింద పొడవాటి పట్టిక. యాంపిసిలిన్, సెఫ్ట్రియాక్సోన్, సిప్రోఫ్లాక్సాసిన్, కోట్రైమాక్సజోల్ ఎదురుగా ‘ఆర్’, అంటే పనిచేయవు. నైట్రోఫ్యూరాంటాయిన్, ఫాస్ఫోమైసిన్, అమికాసిన్, పిపరాసిలిన్-టాజోబాక్టమ్, మెరోపెనెమ్ ఎదురుగా ‘ఎస్’, అంటే పనిచేస్తాయి. ‘ఎస్’ ఉన్న ప్రతి మందు పక్కనా ఒక అంకె. మెరోపెనెమ్‌కు 0.25, నైట్రోఫ్యూరాంటాయిన్‌కు 16.

ఇక్కడే కన్ను మోసపోతుంది. ఆ అంకెను ఎంఐసీ అంటాం. పరీక్షలో బ్యాక్టీరియా పెరుగుదలను ఆపడానికి చాలిన అతి తక్కువ మందు అన్నమాట, మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో. 0.25 చాలితే ఆ మందు ఘాటైనదనీ, 16 కావాలంటే బలహీనమైనదనీ అనుకోవడం సహజం. కానీ ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ప్రతి మందుకూ దాని హద్దు వేరు. సీఎల్‌ఎస్‌ఐ పట్టిక ప్రకారం ఈ.కోలై కుటుంబపు బ్యాక్టీరియాకు మెరోపెనెమ్ హద్దు 1, నైట్రోఫ్యూరాంటాయిన్ హద్దు 32. రెండూ తమ హద్దుకు లోపలే ఉన్నాయి. పైగా నైట్రోఫ్యూరాంటాయిన్ మాత్ర మింగితే మందు రక్తంలో నిలవకుండా మూత్రంలోకి దిగి, అక్కడ 16ను చాలా దాటిపోయే మోతాదులో పోగవుతుంది. జబ్బు ఉన్నదీ అక్కడే. ఆవిడకు 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, 5 రోజులు చాలు. మెరోపెనెమ్ రాస్తే ఎనిమిది గంటలకోసారి నరంలోకి ఎక్కించాలి, మంచం కావాలి. పేగుల్లో బతికే మంచి బ్యాక్టీరియా కూడా దెబ్బతింటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల్ని మూడు వర్గాలుగా విడదీసినప్పుడు నైట్రోఫ్యూరాంటాయిన్‌ను ముందుగా వాడదగ్గ వర్గంలో, మెరోపెనెమ్‌ను జాగ్రత్తగా వాడాల్సిన వర్గంలో పెట్టింది. మా రిపోర్టులో మాత్రం రెండూ ఒకే అక్షరంతో, ఒకే సైజులో అచ్చవుతాయి.

అదే ఈ.కోలై, అవే అంకెలు, మనిషి మారితే జవాబు తిరగబడుతుంది. వణుకుతో జ్వరం, వాంతులు, నడుము పక్కన నొప్పితో వచ్చిన మనిషికి ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకి ఉంటుంది. నైట్రోఫ్యూరాంటాయిన్ ‘ఎస్’ అని ఉన్నా అక్కడ పనికిరాదు, ఎందుకంటే కిడ్నీ కణజాలంలోకీ రక్తంలోకీ చాలినంత మందు చేరదు. సెఫ్ట్రియాక్సోన్ ‘ఆర్’ అయిన చోట అప్పుడు మెరోపెనెమ్ కుటుంబపు మందే సరైనది కావచ్చు. మంటా జ్వరమూ ఏమీ లేకుండా, హెల్త్ చెకప్‌లో లక్ష కాలనీలు కనిపించిన మనిషి ఇంకో రకం. గర్భిణి అయితేనో, మూత్రనాళానికి సర్జరీ జరగబోతుంటేనో తప్ప సాధారణంగా ఆ రిపోర్టుకు ఏ మందూ అక్కర్లేదు. అంటే రిపోర్టు చదవడం బ్యాక్టీరియా పేరుతోనో ‘ఎస్’తోనో మొదలవదు, మనిషితో మొదలవుతుంది.

ల్యాబులు ఈ సంగతి ఎరగనివి కావు. క్యాస్కేడ్ రిపోర్టింగ్ అనే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అన్ని మందులూ పరీక్షిస్తారు కానీ కాగితం మీద మొదటి వరుసవే చూపిస్తారు. అవి పనిచేయకపోతేనే పై వరుస తెరుచుకుంటుంది. మొదటి తరం సెఫలోస్పోరిన్ ‘ఎస్’ అయితే సెఫ్ట్రియాక్సోన్ కనిపించదు, సెఫ్ట్రియాక్సోన్ ‘ఎస్’ అయితే మెరోపెనెమ్ కనిపించదు. చెప్పుకోవడానికి చక్కగా ఉంటుంది. కానీ దీన్ని ఉన్నదున్నట్టు మన దేశానికి తెస్తే తలుపు తెరిచే ఉంటుంది. మన ఆసుపత్రుల్లో దొరికే ఈ.కోలైలో ఎక్కువ భాగం సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగదని మీ నివేదికలే చెబుతున్నాయి. పైన చెప్పిన ఆవిడ రిపోర్టులోనూ అది ‘ఆర్’. నియమం ప్రకారం మెరోపెనెమ్ బయటికి వచ్చేస్తుంది, అది అవసరమే లేని మనిషికి.

అందుకే నా విన్నపం. మూత్రం శాంపిళ్లకు మందుల కుటుంబాన్ని బట్టి కాకుండా, జబ్బు ఉన్న చోటును బట్టి నడిచే క్యాస్కేడ్ నియమం ఒకటి మీరు రాయండి. అవుట్‌పేషెంట్, జ్వరం లేదు, నైట్రోఫ్యూరాంటాయిన్, ఫాస్ఫోమైసిన్ ‘ఎస్’ అయితే కాగితం మీద అవే ఉండాలి. మిగతా ఫలితాలు ల్యాబు కంప్యూటర్లో భద్రంగా ఉంటాయి, డాక్టరు ఫోన్ చేసి కారణం చెబితే అప్పటికప్పుడు ఇస్తాం. మీ నిఘా లెక్కలకు మాత్రం అన్నీ పంపుతాం, దాచేది చీటీ రాసే కంటి నుంచే.

దీనికి అడ్డం వచ్చేది టెక్నాలజీ కాదు. రిక్విజిషన్ స్లిప్పు. మా దగ్గరికి వచ్చే స్లిప్పుల మీద సాధారణంగా ‘యూరిన్ సీ/ఎస్’ అని రెండు ముక్కలుంటాయి. జ్వరం ఉందో లేదో, గర్భిణో కాదో, గొట్టం వేసి ఉందో, క్రియాటినిన్ ఎంతో మాకు తెలియదు. అవి తెలియకుండా మందు దాచడం ప్రమాదం. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి నైట్రోఫ్యూరాంటాయిన్ ఒక్కటే చూపించి పంపితే తప్పు మాది అవుతుంది. కాబట్టి స్లిప్పు మీద ఈ నాలుగింటికీ గడులు పెట్టి, అవి నింపిన స్లిప్పుకే క్యాస్కేడ్ రిపోర్టు, నింపని వాటికి మొత్తం పట్టిక ఇచ్చి, ఏ మందు మూత్రాశయానికే పరిమితమో పక్కన ఒక్క వాక్యంలో రాయమనండి.

డాక్టర్ల నుంచి అభ్యంతరం వస్తుంది. మా రోగి, మా నిర్ణయం, ఫలితాలు దాచడానికి మీరెవరు అంటారు. ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే, అందుకే ఫోన్ మీద ఇరవై నాలుగు గంటలూ ఫలితం దొరికే ఏర్పాటు లేని ల్యాబుకు ఈ పద్ధతి అప్పగించకూడదు. ప్రైవేటు ల్యాబుల ఇబ్బంది వేరు. డబ్బు కట్టిన మనిషి పొడవాటి పట్టిక చూస్తేనే తృప్తిపడతాడు. పక్క ల్యాబు ఇరవై మందులు చూపిస్తుంటే మేం రెండు చూపించి ఎలా నిలబడతాం? పైనుంచి అందరికీ ఒకే నియమం వస్తే తప్ప ఇది తేలదు. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు తనిఖీల్లో చేర్చితే ల్యాబులు వింటాయి.

ఆ తనిఖీలో పనిలో పనిగా ఇంకొకటి చూడమనండి. సీఎల్‌ఎస్‌ఐ ప్రమాణాలు పాటిస్తున్నామని చెప్పే ల్యాబు ఈ.కోలై రిపోర్టులో కొలిస్టిన్ ఎదురుగా ‘ఎస్’ అచ్చు వేస్తుంటే, అది పాత పట్టికతో పనిచేస్తోందన్నమాట. 2020లోనే సీఎల్‌ఎస్‌ఐ ఆ మందుకు ‘ఎస్’ వర్గాన్ని తీసేసింది. డిస్కుతో పరీక్షించి రాసిన కొలిస్టిన్ ఫలితం ఇంకా అధ్వానం, ఆ మందు అగార్‌లో సరిగా పాకదు. మూత్రంలో మంటతో వచ్చిన మనిషి కాగితం మీద ఆ పేరు అసలు ఎందుకుందని కూడా అడగమనండి.

మొదటి విడతగా మీ నెట్‌వర్కులోని కేంద్రాల్లో అవుట్‌పేషెంట్ మూత్రం శాంపిళ్లకు ఆరు నెలలు ఇలా చేసి చూడొచ్చు. ముందూ తర్వాతా మెరోపెనెమ్ చీటీలు ఎన్ని, మంట తగ్గక తిరిగొచ్చినవాళ్లు ఎందరు, ల్యాబుకు వచ్చిన ఫోన్లు ఎన్ని అన్నవి లెక్కపెడితే చాలు. నాలుగు గడుల స్లిప్పు నమూనా ఒకటి మా టేబుల్ మీద తయారుగా ఉంది, అడిగితే పంపుతాను.

ఇట్లు,
ఒక జిల్లా ల్యాబు మైక్రోబయాలజిస్టు