షాపుకి పంపిన బియ్యం అమ్ముడయ్యేదాకా మన బియ్యమే: ఆ లెక్క ఎలా రాసుకోవాలి?

దేశవాళీ బియ్యాన్ని షాపుల్లో పెట్టి అమ్మించడం గురించి వీడియో పెట్టాక చాలామంది ఒకే ప్రశ్న అడిగారు, "షాపు వాళ్ళు కమీషన్ ఎంత తీసుకుంటారండీ?" అని. అడగాల్సిందే, కానీ నా ఉద్దేశంలో అది రెండో ప్రశ్న. అమ్ముడుపోని సరుకు లెక్క ఎవరు చెబుతారు, ఎన్నాళ్ళకోసారి చెబుతారు, కాటా వేసి చెబుతారా నోటి లెక్కన చెబుతారా అన్నది మొదటి ప్రశ్న. మన రైతులు నష్టపోతున్నది ఎక్కువగా అక్కడే.

కమీషన్ అనేది గోదావరి జిల్లాల వాళ్ళకి కొత్త కాదు. రావులపాలెం అరటి మార్కెట్‌కి గెలలు వేసినవాళ్ళకీ, అంబాజీపేటకి కొబ్బరి పంపినవాళ్ళకీ ఆ మాట పుట్టినప్పటినుంచీ తెలుసు. అయితే అక్కడ గెల నాలుగు రోజులు ఆగదు. సరుకు అమ్ముడవుతుంది, కమీషనూ కూలీ పోను మిగిలింది పట్టీలో రాసి ఇస్తారు, లెక్క ముగుస్తుంది. ఆర్గానిక్ షాపులో పెట్టిన మైసూర్ మల్లిగో, నవారో, బహురూపో అలా కాదు. సంక్రాంతికి పెట్టింది ఉగాదికి కూడా అక్కడే ఉండొచ్చు. సరుకు వాళ్ళ దగ్గర, యాజమాన్యం మన దగ్గర. ఈ మధ్య కాలానికి పట్టీ లాంటి కాగితం మనకి అలవాటు లేదు. చాలామంది పుస్తకాల్లో కనిపించేది ఒక్క లైనే: "షాపు వాళ్ళు వేసింది ఇంత". ఫోన్‌కి బ్యాంకు మెసేజ్ వస్తే అదే లెక్క.

ముందు ఒక తేడా స్పష్టంగా పట్టుకోవాలి. బస్తాలు ఆటో ఎక్కిన రోజు మనం ఏమీ అమ్మలేదు. సరుకు చోటు మారింది, అంతే. కాబట్టి ఆ రోజు పుస్తకంలో అమ్మకం రాయకూడదు, షాపు మనకి బాకీ ఉందనీ రాయకూడదు. "ఇంటి దగ్గర సరుకు" పేజీలో తగ్గించి, "ఫలానా షాపు దగ్గర మన సరుకు" అనే వేరే పేజీలో కిలోలు ఎక్కించాలి. షాపు వాళ్ళ చేత సంతకం పెట్టించుకునే స్లిప్పు మీద కూడా "అమ్మిపెట్టడానికి ఇచ్చిన సరుకు, అమ్మకం కాదు" అని ఉండాలి. తేదీ, రకం, మరాడించిన తేదీ, బస్తాల సంఖ్య, కాటా బరువు, అమ్మాల్సిన ధర, కమీషన్ శాతం, మిగిలింది ఎప్పటిలోగా వెనక్కి ఇవ్వాలి. ఇవన్నీ కలిపి చేతివ్రాతతో అర పేజీ. రెండు కాపీలు రాసుకోవాలి.

ఇక లెక్కలోకి వద్దాం. పోయిన సార్వా పంటలో మైసూర్ మల్లిగ సింగిల్ పాలిష్ పట్టించి జనవరి మొదట్లో రాజమండ్రిలో ఒక షాపుకి పంపాను. 25 కిలోల బస్తాలు 12, మొత్తం 300 కిలోలు. ధాన్యం, మర కూలి, సంచులు అన్నీ కలిపి నాకు కిలోకి 52 రూపాయలు పడింది. ఆటో కిరాయి 900, అంటే కిలోకి 3. షాపులో ఉన్న నా బియ్యం కిలో విలువ 55 రూపాయలు, మొత్తం 16,500. షాపులో అమ్మే ధర 100, కమీషన్ 18 శాతం.

మార్చి 31న షాపు పంపిన లెక్క ఇది. అమ్మింది 190 కిలోలు, వచ్చింది 19,000. అందులో కమీషన్ 3,420, పురుగు పడితే జల్లించిన కూలి 300 పోను 15,280 నా ఖాతాలో వేశారు. మిగిలింది 96 కిలోలు. పురుగు పట్టి పక్కన పెట్టింది 10 కిలోలు, విడిగా కాటా వేసి అమ్మడంలో తరుగు 4 కిలోలు.

మామూలుగా అయితే పుస్తకంలో 15,280 అని రాసి, 190తో భాగించి, "కిలోకి 80 పైనే పడింది" అనుకుంటాం. అదే వారంలో ఊళ్ళోకి వచ్చిన ఒకాయన నా కళ్ళం దగ్గరే కిలో 75కి రొక్కం ఇచ్చి తీసుకెళతానన్నాడు. 80 ఎక్కడ, 75 ఎక్కడ, షాపే నయం అనిపిస్తుంది. ఇప్పుడు పూర్తిగా రాసి చూద్దాం.

అమ్మకం అన్న చోట 19,000 మొత్తం రాయాలి. కమీషన్ 3,420 వేరే లైను, జల్లెడ కూలి 300 వేరే లైను. అమ్మిన 190 కిలోల ఖర్చు కిలోకి 55 చొప్పున 10,450. పోయిన 14 కిలోల ఖర్చు 770. అన్నీ తీసేస్తే మిగిలిన లాభం 4,060. అమ్మిన కిలోకి 21 రూపాయల పైచిలుకు. కళ్ళం దగ్గర 75కి ఇస్తే ఆటో లేదు, తరుగు లేదు, పురుగు లేదు, కిలోకి 23 మిగిలేది. షాపు ద్వారా నాకు నిజంగా అందిన ధర 80 కాదండీ, ఆటో కిరాయీ పోయిన సరుకూ లెక్కేస్తే 73 చిల్లర. అంతేకాదు, ఇంకో 96 కిలోలు మూడు నెలల పాతబడి ఇంకా అక్కడే ఉన్నాయి.

షాపులో పెట్టడం తప్పని నేను అనడం లేదు. షాపు పేరు మీద నా బియ్యానికి వచ్చిన ఇళ్ళు ఉన్నాయి, వాళ్ళు మళ్ళీ అడుగుతున్నారు, దానికీ విలువ ఉంది. కానీ రెండు దారుల్లో ఏది ఎంతకి పడుతోందో ఈ లెక్క రాస్తేనే తెలుస్తుంది. చేతికొచ్చిన డబ్బు ఒక్కటే రాస్తే కమీషన్ కనపడదు. కనపడని ఖర్చు గురించి వచ్చే ఏడు షాపు వాళ్ళతో బేరం ఎలా ఆడతాం?

మిగిలిన 96 కిలోల సంగతి. మార్చి 31న అవి నా ఇంట్లో లేవు కాబట్టి చాలామంది వాటిని వదిలేస్తారు. అవి నా సరుకే, కిలో 55 చొప్పున 5,280 రూపాయల సరుకుగా రాయాలి. అమ్మే ధర 100 పెట్టి 9,600 అని రాయకూడదు, ఇంకా రాని లాభాన్ని ముందే మింగినట్టు అవుతుంది. ఒకవేళ బియ్యం మెత్తబడి, వాసన మారి, ఇక 40కి మించి పోదు అనిపిస్తే 40 లెక్కనే రాయాలి. పాలిష్ తక్కువ పట్టిన బియ్యంలో తవుడు ఉంటుంది, ఆ నూనెకి ఎండల్లో ముక్కవాసన తొందరగా వస్తుంది. ముడిబియ్యం అయితే ఇంకా తొందర. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర షాపు గోడ పక్కన ఉన్న బస్తాకి జనవరి విలువ ఉండదు.

కిలోలు సరిపోవాలి. పంపింది 300. అమ్మింది 190, మిగిలింది 96, పాడైంది 10, తరుగు 4. కూడితే 300. ఈ కూడిక తప్పితే డబ్బు లెక్క చూడక్కర్లేదు, ముందు ఇది అడగాలి. ఇంకో గుర్తు చెబుతాను. విడిగా అమ్మే షాపు నుంచి మూడు నెలలకి తరుగు సున్నా అని వచ్చిందంటే ఎవరూ కాటా వేయలేదని అర్థం. పంపిన దాంట్లోంచి అమ్మింది తీసేసి మిగతాది "ఉంది" అని రాసేశారు. అలాంటి లెక్కలో పోయిన సరుకు ఆఖరి బస్తా వెనక్కి వచ్చినప్పుడే బయటపడుతుంది, అప్పుడు ఎవరి మాటా నిలవదు. నా 96 కిలోలు మూడు నిండు బస్తాలు, విప్పిన బస్తాలో 21 కిలోలు. ఇలా బస్తాల వారీగా చెబితే వెళ్ళి చూసుకోవడం తేలిక.

పాడైంది అన్న సరుకు వెనక్కి అడగండి. "పది కిలోలు పారేశామండీ" అన్న మాటకి లెక్క లేదు. కోళ్ళకైనా వేసుకుంటాను, ఇవ్వండి అంటే మొహమాటం ఉండదు, సరుకూ కళ్ళతో చూస్తాం. చదువుకున్న అకౌంటెంట్లు కాటాలో పోయే మామూలు తరుగును మిగతా కిలోల మీద పంచేస్తారు, పురుగు లాంటి నష్టాన్నే విడిగా చూపిస్తారు. పద్ధతి అదే. మన పొలం పుస్తకానికి మాత్రం రెండూ విడివిడిగా కనపడటమే మంచిదని నా అభిప్రాయం. తరుగు షాపు కాటాది. పురుగు నా నిల్వదీ, మరాడించిన తేదీదీ కావచ్చు. విడిగా ఉంటేనే ఏది సరిచేయాలో తెలుస్తుంది.

"ఇంత లెక్క అడిగితే షాపు వాళ్ళు సరుకే పెట్టనివ్వరు" అంటారు కొందరు. కొంత నిజం. ఆర్గానిక్ షాపు నడపడం కష్టమే, అద్దె, కరెంటు, కుర్రాళ్ళ జీతాలు ఆ 18 శాతంలోనే రావాలి. ఎక్కువమంది మోసం చేసేవాళ్ళు కాదు, ఎంచనివాళ్ళు, అంతే. అయితే లెక్క అడగడం మన దయాదాక్షిణ్యం వ్యవహారం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 213వ సెక్షన్ ప్రకారం ఏజెంటు అడిగినప్పుడు యజమానికి సరైన లెక్క చెప్పాలి. 218వ సెక్షన్ ప్రకారం తనకి రావాల్సింది మినహాయించుకుని వసూలైన సొమ్ము అప్పగించాలి. స్లిప్పు మీద "అమ్మిపెట్టడానికి" అన్న మాట ఉండాలని పట్టుబట్టేది ఇందుకే. అది లేకపోతే షాపు మన ఏజెంటా, కొనుక్కున్నవాడా అన్న దగ్గరే తగువు మొదలవుతుంది.

కొన్ని షాపులు ఇంకో మాట అంటాయి, "మీకు కిలోకి 82 ఇస్తాం, మేం ఎంతకైనా అమ్ముకుంటాం" అని. మిగిలిందీ పాడైందీ వాళ్ళే భరిస్తే అది కొనడం, మంచి బేరమే. ధర వాళ్ళ ఇష్టం, మిగిలింది మాత్రం మీకే వెనక్కి అంటే, లాభం వాళ్ళది నష్టం మనది. దానికి నేను ఒప్పుకోను. అరువు అమ్మకం కూడా అంతే. షాపు వాళ్ళు ఏ హోటల్‌కో అరువు ఇస్తే ఆ డబ్బు రాకపోతే ఎవరి నష్టమో స్లిప్పులోనే రాసుకోవాలి. ఆ పూచీ షాపు తీసుకుంటే కమీషన్ ఒకటి రెండు శాతం ఎక్కువ ఇచ్చినా తప్పులేదు. పండగ డిస్కౌంటు నన్ను అడక్కుండా ఇస్తే అది వాళ్ళ కమీషన్‌లోంచే పోవాలి.

దాళ్వా బియ్యానికి నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ఒకేసారి 300 కాదు, 100 కిలోలు. ప్రతి నెలా 1న, 16న షాపు వాళ్ళు వాట్సాప్‌లో నాలుగు అంకెలు పంపాలి: అమ్మింది, మిగిలింది, పాడైంది, తరుగు. మిగిలిన బస్తాల ఫొటో ఒకటి. 45 రోజులు దాటిన బస్తా నేనే వెళ్ళి తెచ్చుకుంటాను, వెనక్కి తెచ్చిన కిరాయి నా ఖర్చు, అది కూడా ఆ షాపు పేజీలోనే రాస్తాను. పుస్తకంలో ఆ పేజీ ఎలా గీసుకున్నానో వీడియోలో చూపించాను, చూసి మీ రకాలకి తగ్గట్టు మార్చుకోండి.