స్నానపు గది తలుపు: గడియ ఒక్కటే మారితే చాలదు

కోల్‌కతాలోని పాత వాటాల ఇళ్లలోనూ, ఆ తరువాత వాటి స్థానంలో లేచిన చిన్న ఫ్లాట్లలోనూ ఒక అలవాటు మాత్రం మారలేదు. స్నానపు గది తలుపు లోపలికి తెరుచుకుంటుంది. దానికి లోపలి వైపు ఒక గడియ ఉంటుంది. బెంగాలీలు దీనినే ఛిట్‌కిని అంటారు. బయటి నుంచి ఆ గడియను కదిలించే మార్గం లేదు. పిల్లలు ఉద్యోగాల కోసం ఇతర నగరాలకు వెళ్లిపోగా, వృద్ధ దంపతులో, ఒంటరిగా మిగిలిన తల్లో తండ్రో ఉంటున్న ఇళ్లు ఈ నగరంలో ఎన్నో ఉన్నాయి. ఒంటరి వృద్ధుల యోగక్షేమాల కోసం కోల్‌కతా పోలీసులు ‘ప్రణామ్’ పేరిట ఒక సేవనే నిర్వహిస్తున్నారు. అయితే ఫోను మోగించి సాయం రప్పించినా, వచ్చినవారు చివరకు నిలబడవలసింది ఆ మూసిన తలుపు ముందే.

స్నానపు గదిలో పడిపోవడానికి తడి నేల ఒక్కటే కారణం కాదు. రాత్రి నిద్ర మధ్యలో లేచి మూత్రవిసర్జనకు వెళ్లినప్పుడు, మలవిసర్జనకు బలంగా ముక్కినప్పుడు, వేడినీళ్ల స్నానం తరువాత ఒక్కసారిగా లేచి నిలబడినప్పుడు వృద్ధులలో రక్తపోటు పడిపోయి స్పృహ తప్పవచ్చు. రక్తపోటు మందులు వాడేవారికి ఈ ముప్పు ఎక్కువ. పడినవారు లేవలేక గంటకు మించి నేలమీదే ఉండిపోతే, తుంటి ఎముక విరగకపోయినా, ఒత్తిడికి కండరాలు దెబ్బతిని ఆ ప్రభావం మూత్రపిండాల మీద పడవచ్చు. కనుక తలుపు ఎంత త్వరగా తెరుచుకున్నదన్నది వైద్యపరంగా కూడా ముఖ్యమైన విషయమే.

ఇందుకు పరిష్కారంగా బజారులో దొరికేది బయటి నుంచి విడిపించగల తాళం. లోపల తిప్పే చిన్న పిడి ఉంటుంది, బయటి ముఖాన ఒక గాటు ఉంటుంది. రూపాయి బిళ్ల అంచును ఆ గాటులో పెట్టి తిప్పితే గడియ వెనక్కి జరుగుతుంది. గుండ్రటి పిడి గల రకాలలో గాటుకు బదులు సూది దూరేంత రంధ్రం ఉంటుంది. తాళంతో పాటు వచ్చే సన్నని కడ్డీని అందులోకి నెడితే లోపలి మీట విడివడుతుంది. గాటుగానీ రంధ్రంగానీ లేకుండా బయటి ముఖం నున్నగా ఉంటే ఆ తాళం ఆపదలో అక్కరకు రాదని తెలుసుకోవచ్చు. రెండేళ్ల బిడ్డ లోపల మీట నొక్కుకుని ఏడుస్తున్నప్పుడు ఈ తాళం చాలినంత పని చేస్తుంది. బిడ్డను తలుపుకు దూరంగా జరగమని చెప్పి తెరిస్తే సరిపోతుంది.

పెద్దల విషయంలో లెక్క వేరు. మరుగుదొడ్డి, స్నానం కలిసి ఉన్న గదికి జాతీయ భవన నియమావళి నిర్దేశించిన కనీస వైశాల్యం 2.8 చదరపు మీటర్లు, కనీస వెడల్పు 1.2 మీటర్లు. అంటే పొడవు సుమారు 233 సెంటీమీటర్లు. తలుపు ఒక కొసన ఉన్నది, ఎదురు గోడకు కమోడ్ ఉన్నది అనుకుందాం. గోడ నుంచి కమోడ్ ముందు అంచు వరకు దాదాపు 70 సెంటీమీటర్లు. దాని మీద కూర్చున్న 150 సెంటీమీటర్ల పొడవు గల వృద్ధురాలు ముందుకు ఒరిగి నేలపై చాచుకుని పడిపోతే, ఆమె దేహం 220వ సెంటీమీటరు వరకు ఆక్రమిస్తుంది. తలుపుకూ ఆమె తలకూ మధ్య మిగిలేది 13 సెంటీమీటర్లు. రూపాయి బిళ్లతో గడియ క్షణంలో విడిపోయినా తలుపు లోపలికి జానెడు కూడా జరగదు. ఇంకా నెట్టితే ఆ ఒత్తిడి పడేది గాయపడిన తల మీదనో, మెడ మీదనో. అదే తలుపు బయటికి తెరుచుకునేదైతే ఆమె ఎక్కడ పడినా అడ్డు కాదు.

ఈ సంగతి నిబంధనలు రాసినవారికి తెలియనిది కాదు. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2021లో వెలువరించిన సార్వత్రిక సౌలభ్య మార్గదర్శకాలు, వికలాంగులకు ఉద్దేశించిన మరుగుదొడ్ల తలుపులు బయటికి తెరుచుకోవాలనో, పక్కకు జరగాలనో చెబుతూ, అత్యవసరంలో బయటి నుంచి తీయగల తాళాన్నీ కోరుతున్నాయి. ఇంగ్లండులో కూడా వికలాంగుల మరుగుదొడ్లకు ఇటువంటి ఏర్పాటే ఉన్నది. సౌలభ్య ప్రమాణాలను కేవలం సూచనలుగా వదిలివేయరాదని, తప్పనిసరి నియమాలను మూడు నెలలలో రూపొందించాలని రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న కేంద్రాన్ని ఆదేశించింది. కానీ ఈ చర్చ అంతా ప్రధానంగా ప్రజోపయోగ భవనాల చుట్టూ సాగుతున్నది. సొంత ఫ్లాటులో ఒక అమ్మమ్మ వాడే గది తలుపు ఏ వైపు తిరగాలో నిర్ణయించేవాడు ఇప్పటికీ ప్రోమోటరు కుదిర్చిన వడ్రంగే. కొనుగోలుదారు పలకల రంగు అడుగుతాడు, తలుపు దిశ అడగడు.

ఉన్న తలుపును తిప్పడం మడతబందులు విప్పి బిగించినంత సులభం కాదని కూడా చెప్పవలసి ఉన్నది. తలుపు రెక్క ఆనుకోవడానికి ద్వారబంధంలో చెక్కిన గాడి లోపలి వైపే ఉంటుంది. రెక్కను బయటికి తిప్పాలంటే బంధాన్ని తీసి తిరగేయాలి. లేదా పాత గాడిని చెక్కతో నింపి బయటి వైపు కొత్తగా అంచు కట్టాలి. స్నానపు గది నేల సాధారణంగా బయటి నేలకంటే పల్లంగా ఉంటుంది కాబట్టి, బయటికి తిరిగే రెక్క అడుగు భాగాన్ని కొంత కోయవలసి వస్తుంది. తలుపు తెరిచినప్పుడు దానిపై నీళ్లు భోజనాల గదిలో కారతాయి. ఇరుకు నడవాలో రెక్క ఎదురు వచ్చేవారికి తగులుతుంది, వంటింటి దారినీ మూసివేస్తుంది. బయటి గోడ ఖాళీగా ఉంటే ఆ గోడ మీదుగా పక్కకు జరిగే తలుపు అటువంటి ఇళ్లకు మేలు. దాని పట్టాలు మాత్రం పైన ఉండాలి; కింద ఉంటే సబ్బునీటి మురికి చేరి బిగుసుకుపోతుంది.

సదుపాయం ఉన్నచోట కూడా అది వమ్మయ్యే తీరులు కొన్ని ఉన్నాయి. కోల్‌కతా వానాకాలపు తేమకు చెక్క తలుపు ఉబ్బి బంధానికి పట్టేస్తుంది; గడియ విడిపోయినా రెక్క కదలదు. గోడలకు రంగు వేసేటప్పుడు బయటి గాటును కూడా రంగుతో పూడ్చివేస్తారు. అన్నిటికంటె తరచుగా కనిపించేది మరొకటి: కొత్త తాళం బిగించాక కూడా పాత గడియను తీయరు. ఈ వ్యాసం రాస్తూ మా ఇంటి తలుపు పరిశీలించినప్పుడు, బిళ్లతో తెరుచుకునే తాళానికి జానెడు పైన అదే పాత గడియ కనిపించింది. మా అమ్మగారు ప్రతిరోజూ రెండూ వేసుకునేవారట. ‘ఒక్కటే వేస్తే ధైర్యం చాలదు నాయనా’ అన్నారు. పై గడియ వేసి ఉండగా కింది తాళం ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు.

ఆ గడియ మరలు విప్పి తీయడానికి పది నిమిషాలు పట్టింది. ఆమెను ఒప్పించడానికి రెండు రోజులు. లోపల మనిషి ఉన్నట్టు తెలిపే ఎరుపు, ఆకుపచ్చ గుర్తు బయటి ముఖాన ఉన్న తాళాన్ని బిగించి, ఆమెను లోపల ఉంచి, మనవరాలి చేత బిళ్లతో తెరిపించి చూపాక అంగీకరించారు. తలుపు మాత్రం ఇంకా లోపలికే తెరుచుకుంటున్నది. ద్వారబంధం తిరగేయడానికి వడ్రంగి వానలు తగ్గాక వస్తానన్నాడు.