పైరవీ కాదు, కాగజ్ అడగండి

మన మొహల్లాల్లో ఒక పాత ఆదత్ ఉంది. పిల్లవాణ్ణి పోలీసులు తీసుకెళ్లారని ఖబర్ రాగానే ఇంటి పెద్దలు స్టేషన్‌కి కాదు, లీడర్ ఇంటికి పరిగెత్తుతారు. ఆయన ఫోన్ చేస్తాడు, రాత్రికో మర్నాటికో పిల్లవాడు బయటికొస్తాడు, అందరూ షుక్రియా చెప్పి ఇంటికెళ్తారు. పెద్దమండ్యంలోనైనా పాతబస్తీలోనైనా కథ ఒకటే. నేను దీన్ని మెహర్బానీ అనను. ఆ అబ్బాయిని పట్టుకున్నట్టు ఎక్కడా రాత లేదు కాబట్టి, కాగజ్ మీద ఆ జుల్మ్ జరగనే లేదు. రేపు మళ్లీ తీసుకెళ్లినా అడిగే దిక్కు లేదు.

తర్వాత అదాలత్‌లో ఇన్సాఫ్ దొరుకుతుందిలే అంటారా? మక్కా మసీదు గుర్తు చేసుకోండి. 2007 మే 18, జుమ్మా రోజు బాంబు పేలింది. ఆ తర్వాత హైదరాబాద్‌లో పదుల సంఖ్యలో ముస్లిం నౌజవాన్లను ఎత్తుకెళ్లారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ తరఫున అడ్వొకేట్ రవిచందర్ చర్లపల్లి జైలుకెళ్లి వాళ్లతో మాట్లాడి, హింసించిన ఆనవాళ్లున్నాయని రిపోర్టు ఇచ్చారు. చివరికి వాళ్లు బేకసూర్లని తేలింది. 2012లో హుకూమత్ 70 మందికి ముఆవజా ఇచ్చింది: 20 మందికి తలా 3 లక్షలు, 50 మందికి తలా 20 వేలు. 2013లో హైకోర్టు అది చెల్లదని కొట్టేసి, ఇచ్చిన సొమ్ము తిరిగి రాబట్టమంది. తర్వాత వచ్చే ఇన్సాఫ్ అంత కచ్చాది. అందుకే అసలు లడాయి మొదటి కొన్ని గంటల్లోనే ఉంది.

వారెంట్ లేకుండా అరెస్టు చేసే అధికారం పోలీసులకు ఉంది, అందులో షక్ లేదు. కానీ 2024 జులై నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత ఆ అధికారానికి కళ్లెం వేసింది. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో, అరెస్టు ఎందుకు అవసరమో పోలీసు అధికారి రాసి పెట్టాలి. అవసరం లేకపోతే 35వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి పిలవాలి. అరెస్టు చేస్తే మెమో రాయాలి. దాని మీద ఇంటివాళ్లో మొహల్లా పెద్దమనిషో గవాహ్‌గా సంతకం పెట్టాలి, పట్టుబడినవాడూ దస్తఖత్ చేయాలి. ఇరవై నాలుగు గంటల్లో, ప్రయాణం వేళ తీసేసి, మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.

దొంగాట జరిగేది ఈ ఇరవై నాలుగు గంటల దగ్గరే. సోమవారం పొద్దున తీసుకెళ్తారు, ‘విచారణకే’ అంటారు, మెమోలో బుధవారం సాయంత్రం అని రాస్తారు. కాగజ్ మీద అంతా సక్రమమే! 2024లో తెలంగాణ హైకోర్టు ఈ చాలాకీకి జవాబు చెప్పింది: గడియారం మెమో రాసినప్పటి నుంచి కాదు, మనిషిని పట్టుకున్న క్షణం నుంచే తిరుగుతుంది. ఆంధ్రలో అది నేరుగా కట్టిపడేసే తీర్పు కాకపోయినా, మన వకీలు దలీల్‌గా చూపొచ్చు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఇంకో మాట అంది. అరెస్టుకి కారణాలు రాసి ఇవ్వాలి, అదీ ఆ మనిషికి అర్థమయ్యే జుబాన్‌లో ఇవ్వాలి. వెంటనే ఇవ్వలేకపోతే, రిమాండుకి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలి.

కానీ పట్టుకున్న క్షణం ఏదో ఎవరు సాబిత్ చేస్తారు? మీరే చేయాలి. తీసుకెళ్లిన పది నిమిషాల్లో 112కి ఫోన్ చేయండి. ఎస్పీకి మెసేజ్ పంపండి: ఎవర్ని, ఎక్కడి నుంచి, ఎన్ని గంటలకు, ఏ బండిలో. ఆ మెసేజ్ మీద పడిన టైమే మీ గవాహీ. దుకాణం సీసీ కెమెరా ఫుటేజీ చెరిగిపోకముందే అడిగి దాచుకోండి. అరెస్టయినవాడికి వైద్య పరీక్ష చేయించాలి, ఆ రిపోర్టు నకలు అతనికివ్వాలి. దాన్ని అడిగి తీసుకోండి. మెజిస్ట్రేటు ముందు అబ్బాయి భయం వదిలి రెండే మాటలు చెప్పాలి: ‘నన్ను ఫలానా రోజు, ఫలానా వేళ తీసుకెళ్లారు. నన్ను కొట్టారు’ లేదా ‘కొట్టలేదు’. ఆ రెండు మాటలు రికార్డుకెక్కితే మెమోలో రాసిన అబద్ధం నిలబడదు. రాత్రంతా మనిషి ఎక్కడున్నాడో చెప్పకపోతే, హైకోర్టులో హెబియస్ కార్పస్ వేసే హక్కు మీది.

‘అడిగితే సాబ్‌కి గుస్సా వస్తుంది’ అంటారు బుజుర్గులు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, నిజమే. అందుకే ఒక్కరే వెళ్లకండి. ఒక వకీలును, ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని, గొంతు పెంచకుండా అడగండి. ఇంకో చేదు నిజం కూడా ఉంది. రాతలన్నీ సరిగ్గా ఉన్నా కొన్ని రిమాండ్లు కళ్లు మూసుకుని పడతాయి. అయినా రాత ఉంటేనే పై కోర్టు దాన్ని చూడగలదు. లీడర్ చేసిన ఫోన్‌కి నకలు ఉండదు, దాన్ని ఏ జడ్జీ చదవలేడు.