రంగు పట్టడం కాదు, రంగు నిలవడం



"గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా ఊదారంగును పీల్చుకుంటుంది, గ్రామ్ నెగటివ్ బాక్టీరియా పీల్చుకోదు, కనుక గులాబీ రంగులో కనబడుతుంది." ఈ వాక్యాన్ని పరీక్షలకు బట్టీ పట్టినవారు ఎందరో ఉన్నారు. దీనిని అలాగే అప్పజెప్పే యువ వైద్యులనూ, ప్రయోగశాల సహాయకులనూ నేను చాలామందిని చూశాను. ఈ వాక్యం తప్పు. తప్పు మాత్రమే కాదు, రోగికి హాని చేసే తప్పు. ఆ మాట ఎందుకంటున్నానో చెబుతాను.

ముందుగా ఒక చిన్న సంగతి. ఇక్కడ గ్రామ్ అంటే తూకపు గ్రాము కాదు. అది ఒక మనిషి పేరు. డెన్మార్క్ దేశానికి చెందిన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే వైద్యుడు 1884లో బెర్లిన్ నగరంలో ఈ పద్ధతిని ప్రకటించాడు. న్యుమోనియాతో మరణించినవారి ఊపిరితిత్తుల కణజాలంలో బాక్టీరియాను స్పష్టంగా చూడటం ఆయన ఉద్దేశం. రంగు వేస్తే కణజాలమూ బాక్టీరియా రెండూ ఒకే విధంగా రంగెక్కేవి. కణజాలం నుంచి రంగు వదిలిపోయి, బాక్టీరియాలో మాత్రం మిగిలే ఉపాయం కోసం ఆయన వెదికాడు. అంటే ఈ పరీక్ష పుట్టింది రంగు వేయడం కోసం కాదు, రంగు తీయడం కోసం. ఈ మాటను గుర్తుంచుకోండి; దీనితో మళ్ళీ పని పడుతుంది.

ఇక పద్ధతి. చీమును గాజు పలకపై పలుచగా పూసి, ఆరబెట్టి, మంటపై కొద్దిగా వేడి చేసి అతికిస్తారు. దానిపై క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా ద్రావణాన్ని ఒక నిమిషం ఉంచుతారు. కడిగి, అయొడిన్ ద్రావణాన్ని మరొక నిమిషం ఉంచుతారు. ఈ దశలో సూక్ష్మదర్శినిలో చూస్తే అన్ని బాక్టీరియాలూ ఊదాగానే ఉంటాయి. పాజిటివ్, నెగటివ్ అన్న భేదమే లేదు. బాక్టీరియా లోపల రంగు, అయొడిన్ కలిసి పెద్ద ముద్దగా మారతాయి. రంగు ఒంటరిగా సులువుగా లోపలికి వెళ్ళింది. ముద్దగా మారాక బయటకు రావడం కష్టం.

అసలు పరీక్ష ఆ తరువాతనే మొదలవుతుంది. ఆల్కహాలును గానీ, అసిటోన్ కలిపిన ఆల్కహాలును గానీ కొన్ని సెకన్లపాటు పలకపై పారించి, వెంటనే నీటితో కడుగుతారు. ఒక జాతి బాక్టీరియాకు పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో అల్లిన మందమైన గోడ ఉంటుంది. ఆల్కహాలు ఆ గోడలోని నీటిని లాగివేస్తుంది. గోడ బిగుసుకొని, దాని రంధ్రాలు మూసుకుపోయి, ఊదా ముద్ద లోపలే చిక్కుకుంటుంది. రెండవ జాతికి ఈ గోడ చాలా పలుచన. దాని వెలుపల కొవ్వుతో కూడిన మరొక పొర ఉంటుంది. ఆల్కహాలు ఆ కొవ్వును కరిగిస్తుంది. మిగిలిన పలుచని గోడ ముద్దను ఆపలేదు. రంగు కొట్టుకుపోయి బాక్టీరియా వెలవెలబోతుంది. అలా రంగు పోయినవి కంటికి కనబడాలని చివరకు సఫ్రనిన్ అనే ఎరుపు రంగు వేస్తారు. అవి గులాబీగా కనబడతాయి. ఊదావాటికీ సఫ్రనిన్ పడుతుంది గానీ, ముదురు రంగు కింద తెలియదు.

మన వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవారిని అడగండి. నూలుకు రంగు పట్టిందా లేదా అన్నది రంగు తొట్టిలో తేలదు, ఉతికినప్పుడు తేలుతుంది. ఇక్కడ ఉతుకు ఆల్కహాలుది.

"పీల్చుకోదు" అని నేర్చుకున్నవాడు ఆ ఉతుకును లెక్కచేయడు. తొందరగా ఆపితే నెగటివ్ కూడా ఊదాగా మిగులుతుంది. ఎక్కువసేపు పారిస్తే పాజిటివ్ కూడా గులాబీగా మారుతుంది. పొర మందంగా పూసినా ఆల్కహాలు లోపలికి చేరక ఊదా మిగులుతుంది.

దీని ఫలితాన్ని నేను కళ్ళారా చూశాను. మధుమేహం ఉన్న ఒక పత్తి రైతు పాదానికి పుండు పడి, చీము పట్టింది. ఒక ప్రయోగశాల "గ్రామ్ పాజిటివ్ కడ్డీలు" అని నివేదిక ఇచ్చింది. దానిని నమ్మి వాంకోమైసిన్ సూదులు మొదలుపెట్టారు. నాలుగు రోజులైనా జ్వరం తగ్గలేదు, వాపు పైకి పాకింది. నన్ను సలహా అడిగినప్పుడు, నివేదిక కాదు, పలక తెప్పించమన్నాను. చూస్తే బాక్టీరియాతోపాటు చీము కణాల కేంద్రకాలు కూడా ఊదాగా ఉన్నాయి! చీము కణాలు మన శరీరానివి. వాటికి బాక్టీరియా గోడ ఉండదు. సరిగా ఉతికిన పలకలో వాటి కేంద్రకాలు గులాబీగా ఉండి తీరాలి. గ్రామ్ 1884లో కోరుకున్నది సరిగ్గా అదే. అంటే ఈ పలకను ఉతకనే లేదు.

పుండును శుభ్రం చేయించి, లోతు నుంచి కణజాలం తీసి, పలుచగా పూసి మళ్ళీ పరీక్షించాము. ఈసారి కేంద్రకాలు గులాబీ, కడ్డీలూ గులాబీ. వాంకోమైసిన్ పెద్ద అణువు. గులాబీ జాతి వెలుపలి పొరను అది దాటలేదు. నాలుగు రోజులు రోగికి మందు ఇస్తూనే ఉన్నారు, అది శత్రువును చేరనే లేదు. మందు మార్చి, చచ్చిన కణజాలాన్ని తొలగించాము. రెండు రోజుల తరువాత కల్చరులో సూడోమొనాస్ పెరిగింది. పాదం దక్కింది, రెండు వేళ్ళు దక్కలేదు.

"రెండు జాతులనూ చంపే మందు ఇస్తే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. అటువంటి తొలి మందులలో ఒకటైన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ నుంచే. ప్రాణాపాయంలో, కారణం తెలియకముందు, అటువంటి మందు ఇవ్వవలసిందే. కానీ చూడగలిగి కూడా చూడకుండా ప్రతి పుండుకూ రెండువైపులా కాల్చితే, పేగులలోని మంచి బాక్టీరియా చస్తుంది, మొండి బాక్టీరియా మిగులుతుంది. ఆరియోమైసిన్ వంటి టెట్రాసైక్లిన్ మందులకు నేడు అనేక బాక్టీరియాలు లొంగకపోవడానికి విచ్చలవిడి వాడకమే ముఖ్య కారణం.

ఈ పరీక్షకు హద్దులున్నాయి. గులాబీ కడ్డీ సూడోమొనాసా, ఈ.కొలైయా అన్నది రంగు చెప్పదు. దానికి కల్చరు కావాలి. మైనపు గోడ గల క్షయ బాక్టీరియాకు వేరే పద్ధతి కావాలి. పాత కల్చరులో గోడ శిథిలమైన పాజిటివ్ బాక్టీరియా, యాంటీబయాటిక్ దెబ్బతిన్నది కూడా గులాబీగా కనబడవచ్చు. కనుక మందు మొదలుపెట్టకముందే నమూనా తీయాలి.

ప్రయోగశాలలవారిని నేను అడిగేది పెద్ద కోరిక కాదు. రోగి పలక పక్కన తెలిసిన స్టాఫిలోకాకస్, తెలిసిన ఈ.కొలై పూసిన మరొక పలకను అదే చేతితో, అదే ద్రావణాలతో పరీక్షించండి. మొదటిది ఊదాగా, రెండవది గులాబీగా రాకపోతే ఆ పూట నివేదిక ఇవ్వకండి. వైద్య మిత్రులారా, మందు రాసేముందు "చీము కణాల కేంద్రకాలు ఏ రంగులో ఉన్నాయి?" అని ఫోనులో ఒక్కమాట అడగండి. జవాబు రాకపోతే ఆ నివేదికపై మందు రాయకండి, పలకను తెప్పించుకొని మీరే చూడండి.