ఐపీ అడ్రసుల కరవును వాయిదా వేసిన ఏటవాలు గీత

పాత ఐపీ అడ్రసులో 32 బిట్లుంటాయి. లెక్కకు దాదాపు 430 కోట్ల అడ్రసులు వస్తాయి. 1981 నాటి ప్రమాణం మాత్రం సంస్థలకు వీటిని మూడే సైజుల్లో పంచింది. క్లాస్-ఎ దక్కితే కోటీ 67 లక్షలు, క్లాస్-బి అయితే 65,534, క్లాస్-సి అయితే 254. మధ్యలో మరేమీ లేవు.

రెండు వేల కంప్యూటర్లున్న యూనివర్సిటీ అడ్రసులు అడిగిందనుకోండి. సి చాలదు. బి ఇస్తే 63 వేలకు పైగా వృథా. అయినా అందరూ బి నే కోరారు, ఇచ్చేవాళ్లూ ఉదారంగానే ఇచ్చారు. బి నెట్‌వర్కులు మొత్తం 16,384 మాత్రమే. అవి 1994లోనే అడుగంటుతాయని 1990లో లెక్క తేలింది. అప్పటికి కోట్ల అడ్రసులు వాడకుండా పడి ఉన్నాయన్నది ఇందులో విడ్డూరం.

బి బదులు ఎనిమిది సి లు ఇస్తే సరిపోదా? అడ్రసుల వరకు సరిపోతుంది. కానీ అప్పటి పద్ధతిలో ప్రతి సి కి వెన్నెముక రౌటర్లలో విడిగా ఒక వరుస రాసుకోవాలి. సి లు 20 లక్షలకు పైనే. ఆనాటి రౌటర్ల మెమరీ అంత పట్టికను మోయలేదు.

1993లో వచ్చిన సైడర్ ఈ రెండు చిక్కులకూ కలిపి జవాబు చెప్పింది. మొదటి బిట్లను బట్టి సైజును ఊహించడం మానేసి, నెట్‌వర్కు భాగం ఎన్ని బిట్లో అడ్రసు పక్కనే గీత పెట్టి చెప్పమంది. మన యూనివర్సిటీకి `192.24.0.0/21` ఇస్తే 21 బిట్లు నెట్‌వర్కువి. మిగిలిన 11 బిట్లతో 2,048 అడ్రసులు వస్తాయి, రెండు పోను 2,046 వాడుకోవచ్చు. `192.24.0.0` నుంచి `192.24.7.255` దాకా ఎనిమిది పాత సి లు రౌటర్‌లో ఒక్క వరుసలో ఇమిడిపోతాయి. అయితే మూడో అంకె ఎనిమిదితో నిశ్శేషంగా భాగించబడే చోటే బ్లాకు మొదలవ్వాలి. 4 నుంచి 11 దాకా తీసుకుంటే అవీ ఎనిమిదే, కానీ ఒక `/21` కింద రావు, రెండు `/22`లుగా రాయాల్సిందే.

ఇది పనిచేయాలంటే రౌటర్లు ఒకదానికొకటి అడ్రసుతో పాటు ఆ గీత తర్వాతి అంకెనూ చెప్పుకోవాలి. బీజీపీ నాలుగో వెర్షన్ అందుకే అవసరమైంది. సర్వీస్ ప్రొవైడర్ పెద్ద బ్లాకు తీసుకుని, కస్టమర్లకు అందులోంచే కోసిచ్చి, బయటికి ఒకే వరుస ప్రకటిస్తాడు. కస్టమర్ కంపెనీ మారుతూ పాత అడ్రసులు వెంట తీసుకెళ్తే ఈ పొదుపు చెడుతుంది. ఆ ముక్కకు ప్రపంచమంతా మరో వరుస మోయాలి.

కొరత ఆలస్యం కావడంలో, ఒక్క అడ్రసు వెనుక ఇంటిల్లిపాదినీ నడిపే నాట్‌కూ వాటా ఉంది. ఇక సైడర్ కొత్త పంపకాలనే సరిదిద్దింది, పాత దాతృత్వాన్ని వెనక్కి తేలేదు. స్టాన్‌ఫర్డ్ 2000లో తన క్లాస్-ఎ ను తిరిగిచ్చినా ఆ దారిలో నడిచినవాళ్లు తక్కువ. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ నిల్వ ఖాళీ అయింది. మన దేశం ఉన్న ఆసియా-పసిఫిక్‌కు అడ్రసులు పంచే ఏపీఎన్‌ఐసీ, ఏప్రిల్ నుంచి తన చివరి బ్లాకులో ఒక్కో సభ్యుడికి 1,024కు మించి ఇవ్వనంది.